గాల్లో మనిషి, గోడ మీద గీతలు

ఫోనులో అలారం మోగితే చిన్నమ్మను పక్కకు తిప్పాలి. రెండు గంటలకొకసారి. తుంటి ఎముక విరిగింది, గుండె బలహీనంగా ఉంది కాబట్టి ఆపరేషన్ వద్దన్నారు డాక్టర్లు. తాండూరులో ఆమె ఒక్కతే ఉండే బండల ఇంటి నుంచి తీసుకొచ్చి వికారాబాద్‌లో నా ఇంట్లో, కిటికీ పక్కన పడుకోబెట్టాను. కింద గాలి పరుపు. దానికో చిన్న మోటారు. కాసేపు ఒక గొట్టంలో, కాసేపు ఇంకో గొట్టంలో గాలి నింపుతూ గురకపెడుతూ ఉంటుంది. ఆ పరుపు అమ్మినతను, "మేడమ్, దీని మీద పడుకుంటే మనిషి గాల్లో తేలినట్టే" అన్నాడు. గాల్లో తేలే మనిషి గురించి ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పి రిటైరయినదాన్ని నేను. డబ్బులిచ్చి పంపేశాను.

మొన్న పదకొండు గంటలప్పుడు ఆమెను గోడవైపు తిప్పి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి, వీపు కింద దుప్పటి మడతలు లేకుండా సాఫు చేస్తున్నాను. చిన్నమ్మ గోడను చూస్తూ, మామూలుగా మంచినీళ్లు అడిగినట్టు, "గీత గీస్తలేవేందే?" అంది.

నా చేతులు అక్కడే ఆగిపోయాయి. నలభై ఏళ్లు దాటింది ఆ మాట మా ఇద్దరి మధ్యకు వచ్చి. "ఇప్పుడు ఫోన్ల ఉంటది చిన్నమ్మా" అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. నేను మాత్రం ఆ పూట అన్నం తినలేకపోయాను.

మాది యాలాల్ దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. ఊళ్లో పెద్ద బడి లేకపోతే మా నాయన నన్ను తాండూరులో తన తమ్ముడి దగ్గర పెట్టాడు. ఆ తమ్ముడే మా చిన్నాయన, సాయప్ప. ఆయనకూ చిన్నమ్మకూ పిల్లలు లేరు. రెండు గదుల ఇల్లు. నేలకు నాపబండలు, గోడకు నాపబండలు, స్నానాల దడికి కూడా నిలబెట్టిన నాపబండలే. ఎండాకాలం నడిమధ్యాహ్నం చెంప ఆనిస్తే గోడ కుండలా చల్లగా ఉండేది. చిన్నమ్మ కందిపప్పు మిల్లులో పనికి పోయేది. సాయంత్రం వచ్చి కొంగు దులిపితే గదంతా పసుపుపచ్చటి దుమ్ము, పచ్చిపప్పు వాసన. చేతులు కడుక్కోగానే జొన్న రొట్టెలు చరిచేది. ఆ చప్పుడుకి పక్కింటి కన్నడపు ముసలమ్మ గోడ అవతల నుంచి "ఊట ఆయ్తా?" అని, తిన్నారా అని అడిగేది. రొట్టె ఇంకా పెనం మీదే ఉన్నా చిన్నమ్మ "ఆయ్తు", అయిపోయింది అనే అరిచేది. ఈ సంభాషణ రోజూ ఒక్క అక్షరం మారకుండా జరిగేది.

చిన్నాయన గొర్రెలు అమ్మేశాక బండల గనిలో చేరాడు. మనిషి గనిలో పనిచేసినా అలవాట్లన్నీ గొర్రెలకాపరివే. కూర్చుంటే గొంతుక్కూర్చునేవాడు, వాన వచ్చేముందు గాలి వాసన చూసి చెప్పేవాడు, ఇంట్లో ఏ జబ్బుకైనా గొంగడే మందనేవాడు. జ్వరమొస్తే గొంగడి కప్పు, నడుం పట్టేస్తే గొంగడి పరుచు. పుట్టిన పిల్లను మొదట పడుకోబెట్టేదీ దాని మీదే. నాకు ఆ గొంగడంటే మంట. వంటికి సూదుల్లా గుచ్చుకునేది. నేను దులిపేసుకుంటుంటే ఆయన నవ్వి, "గొర్రె మీదున్నప్పుడు దానికి గుచ్చలే, నీకు గుచ్చుతుందా నవాబు బిడ్డా" అని ఆటపట్టించేవాడు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక పొద్దున గనిలో బండను గడ్డపారతో లేపుతూ జారి, రెండు నిలువుల లోతులో వెల్లకిలా పడ్డాడు. మెడ దగ్గర దెబ్బ తగిలింది. పట్నం ఆసుపత్రిలో రెండు నెలలు ఉంచుకుని ఇంటికి పంపారు. భుజాల కింద నుంచి ఏమీ తెలియదు. కదలిక లేదు, స్పర్శ లేదు, నొప్పి లేదు. తల కొద్దిగా తిప్పగలడు, మాట్లాడగలడు, చూడగలడు. పంపేముందు అక్కడి నర్సమ్మ చిన్నమ్మకు ఒక్కటే మాట పదిసార్లు చెప్పింది: "రెండు గంటలకొకసారి పక్క మార్చండి. ఒకేచోట ఒత్తుకుంటే కండ లోపలే చచ్చిపోతుంది, అతనికి తెలియదు కూడా." మనకు పడుకున్నచోట నొప్పి పుడితే నిద్రలోనే ఒత్తిగిలుతాం. ఆయనకు ఆ నొప్పి చెప్పే దారి తెగిపోయింది. ఆయన బదులు ఇంకొకరు ఒత్తిగిలించాలి.

పగలు ఆ ఇంకొకరు నేను. చిన్నమ్మ మిల్లు మానేస్తే పొయ్యి వెలగదు. నాకు పరీక్షల ముందు సెలవులు. అందుకని చిన్నమ్మ మంచాన్ని గోడకు ఆనించి, నా చేతికొక సుద్దముక్క ఇచ్చి, "తిప్పినప్పుడల్లా గీ బండ మీద ఒక గీత గియ్యి. పొద్దుమీకి వచ్చి చూస్కుంట" అంది. నా మీద అనుమానంతో కాదు. మిల్లులో చేయి పప్పు మీద ఉన్నా మనసు ఇక్కడుండేది కాబట్టి, ఆ గీతలు చూస్తేనే ఆమెకు ముద్ద దిగేది. సాయంత్రం కాళ్లు కడుక్కోకముందే వచ్చి గీతల మీద వేలు పెట్టి చూసుకునేది. రాత్రి తడిగుడ్డతో తుడిచేసేది.

చిన్నాయన దగ్గరికి ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక ఒక హకీం సాబ్ వచ్చేవారు. బజారు దారిలో ఆయన దవాఖానా. గాజు సీసాలు, సోంపు వాసన. ఒకప్పుడు చిన్నాయన ఆయన ఇంటికి మేకపాలు పోసేవాడట. ఆ పాల రుణం అని చెప్పి పైసా ముట్టుకునేవారు కాదు. వచ్చి కూర్చుని ముందు నాడి పట్టేవారు. చిన్నాయన తల అటు తిప్పి, "హకీం సాబ్, గా చెయ్యి నాది కాదు, ఎవలిదో పట్టుకున్నరు, సూడుండ్రి" అనేవాడు. ఇద్దరూ నవ్వేవారు. ఒక శుక్రవారం మాత్రం చిన్నాయన నవ్వలేదు.

"కిందికి చూస్తే కాళ్లు కనబడ్తున్నయి. నావే అని మీరు జెప్తే నమ్మాలె, గంతే. దుప్పటి కప్పితే గవి కూడా లెవ్వు. మరి నేనెంత మిగిలిన సాబ్? మెడకాయ పైకి మిగిలినంతే నేనా?"

హకీం సాబ్ మంచానికి ఇంకా దగ్గరగా జరిగారు. ఆ తర్వాత, వెయ్యేళ్ల కిందట తమ హకీములందరికీ ఉస్తాదయిన ఒకాయన ఉండేవాడనీ, వైద్యమూ తత్వమూ రెండూ చదివినవాడనీ, ఆయన ఒక లెక్క వేశాడనీ మొదలుపెట్టారు. నేను రోట్లో వెల్లుల్లి దంచుతున్నదాన్ని రోకలి పక్కన పెట్టేశాను.

"ఒక మనిషి ఉన్నడనుకో సాయప్పా. అమ్మ కడుపుల పెరిగి పుట్టినోడు కాదు. ఖుదా ఒక్క దెబ్బల, నిండు మనిషిని చేసిండు. తెలివి పూరా ఉంది, కానీ నిన్న అనేది లేదు. ఏదీ చూసి ఎరుగడు. యాది చేసుకునేటందుకు ఏం లేదు. వాని కండ్లకు పరదా కట్టిండు, ఏం కనబడదు. చప్పుడు లేదు, వాసన లేదు. గాల్ల ఏలాడుతున్నడు, గా గాలి కూడా వంటికి తగుల్తలేదు. చేతులు, కాళ్లు ఇట్ల దూరం దూరం ఉన్నయి, ఒకదానికొకటి అంటుకుంటలెవ్వు. వేలుకు వేలు తగిలినా వానికి పెయ్యి, గీ ఒళ్లు, ఉందని తెలుస్తది కదా, గది కూడా బంద్ చేసిండు. ఇప్పుడు చెప్పు. వానికి ఏం తెలుసు?"

చిన్నాయన కళ్లు మూసుకున్నాడు. ఆ గాల్లో తానే ఉన్నట్టు మూసుకున్నాడు. "చెయ్యి ఉందని తెల్వది. గుండె ఉందని తెల్వది. భూమి ఉందనే తెల్వది" అన్నాడు. కొంచెం ఆగి, "నేనున్న అని మాత్రం తెలుస్తది" అన్నాడు.

"షాబాష్! నేను గింత పొడుగు, గింత వెడల్పు అని అనడు. గుండె, మెదడు అనడు. ఉన్న అంటడు, గంతే. ఒకవేళ వానికి ఎట్లనో ఒక చెయ్యి ఖయాలుకు వచ్చినా, గది నాది, గది లేకుంటే నేను లేను అనుకోడు. మరి ఉన్నదని తెల్సింది ఒకటి, తెల్వనిది ఒకటి. రెండూ ఒకటే ఎట్లయితది? కాబట్టి నేను అనేది పెయ్యి కాదు, వేరే. రూహ్, ఆత్మ. పెయ్యిని మనం బట్టల లెక్క తొడుక్కున్నం. శానా దినాలు ఇడువకుండ తొడిగితే గవే మనం అనుకుంటున్నం. గట్ల అంటడు మా ఉస్తాద్."

ఆ క్షణం చిన్నాయన ముఖంలోకి వచ్చిన వెలుగు నాకిప్పటికీ కళ్లకు కడుతుంది. గని నుంచి తీసుకొచ్చాక ఆయన ముఖం అలా విచ్చుకోవడం అదే మొదలు. "అంటే నేను పూరా ఉన్న" అన్నాడు. హకీం సాబ్ నాడి పట్టిన చెయ్యి వదలకుండానే "పూరా" అన్నారు. పదిహేడేళ్ల పిల్లను. ప్రపంచంలో ఎక్కడో ఎవరో వెయ్యేళ్ల కిందట వేసిన లెక్క మా బండల ఇంట్లో మంచం మీద పడుకుని ఉందనిపించింది.

అయితే మా చిన్నాయన ఊరికే ఒప్పుకునే రకం కాదు. వారమంతా ఆలోచించాడు. మళ్లీ శుక్రవారం హకీం సాబ్ కూర్చోకముందే అందుకున్నాడు. "సాబ్, మీ ఉస్తాదు లెక్కల ఒక తప్పుంది. నేను గొర్లకాడ ఉన్న. ముసురు పట్టింది. దూరం నుంచి ఎవలో గొంగడి ముసుగేసుకొని వస్తుండు. ఎవలో నాకు తెల్వది. మా అన్న నాకు తెల్సు. తెల్సినోడు ఒకడు, తెల్వనోడు ఒకడు, కాబట్టి గా వచ్చేటోడు మా అన్న కాదంటనా? దగ్గరికొచ్చి ముసుగు తీస్తే మా అన్నే అయితడు. గట్లనే గాల్ల ఉన్నోనికి పెయ్యి తెల్వకుంటే తెల్వదు గంతే, వాడు పెయ్యి కాదని ఎట్లయితది?"

హకీం సాబ్ పకపకా నవ్వి, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నారు. పెద్ద పెద్ద పండితులు కూడా ఇదే మాట అన్నారనీ, దీనికి ఉస్తాద్ పక్షాన జవాబు చెప్పేవాళ్లూ ఉన్నారనీ చెప్పారు. ముసుగులో ఉన్నవాణ్ని బయటి నుంచి చూస్తాం, కానీ 'నేను'ను ముసుగు లోపలి నుంచే, మధ్యలో ఏదీ అడ్డం లేకుండా ఎరుగుతాం, కాబట్టి రెండూ ఒక తీరు కావని వాళ్ల వాదమట. "మా ఉస్తాదే అంటడు, ఇది సబూత్ కాదు, రుజువు కాదు సాయప్పా, ఇషారా. నిద్రల ఉన్నోన్ని తట్టి, లే, నువ్వున్నవ్ చూస్కో అనుడు. పక్కా సబూత్‌లు ఆయన వేరే రాసిండు, గవి నీకూ నాకూ శానా కష్టం." చిన్నాయన అప్పుడు శాంతించాడు. తట్టి లేపడం గొర్రెలకాపరికి తెలిసిన పనే.

ఆ మాటలన్నీ నేను నోట్సు పుస్తకంలో రాసుకున్నాను. కొద్దిరోజులకే వికారాబాద్ కాలేజీలో వ్యాసాల పోటీ అని తెలిసింది. బహుమతి వస్తే డిగ్రీలో చేర్చుకునేటప్పుడు, హాస్టలు ఇచ్చేటప్పుడు చూస్తామన్నారు. ఇక నా బుర్ర నిలవలేదు. అందరూ ఊహించి రాస్తారు, నా దగ్గర నిజంగా ఉన్నాడు గాల్లో మనిషి! హకీం సాబ్‌కు ఆ సంగతి చెబితే ఆయన ముఖం కొంచెం మారింది. "బేటీ, మంచిగ రాయి. కానీ జర యాదికుంచుకో. నీ చిన్నాయనకు నిన్న ఉంది, కండ్లున్నయి, వాసనుంది. ఆయన గాల్ల లేడు, మంచం మీద ఉన్నడు. గాల్ల ఉన్నోనికి పుండు కాదు. గా ఉస్తాద్ కూడా పొద్దంతా రోగుల నాడి పట్టుకొని తిరిగినోడే." నేను తలూపాను. అర్థమైందనే అనుకున్నాను.

అప్పటి నుంచి నా మధ్యాహ్నాలన్నీ ఆయనను ప్రశ్నలడగడంతోనే గడిచాయి. కళ్లు మూసుకుంటే నీకు నువ్వు ఎంత పెద్దగా అనిపిస్తావు చిన్నాయనా? కలలో నడుస్తావా? నడిస్తే కాళ్లు ఎవరివి? ఆయన ప్రతిదానికీ ఓపిగ్గా, కొన్నిటికి నవ్వుతూ జవాబు చెప్పేవాడు. కలలో గొర్రెల వెంట కాగ్నా ఏటి ఒడ్డున నడుస్తానని, నీళ్లు చల్లగా తగులుతాయని, మెలకువ రాగానే ఎవరో లాక్కుపోతారని చెప్పాడు. నేను రాసుకునేదాన్ని. ఒక మాట ఎత్తుగడలో ఉండగా పక్కింటి గడియారం గంట కొట్టేది. తిప్పాలి. తిప్పడమంటే నేనొక్కదాన్నే నడుం కింద చెయ్యి దూర్చి, భుజం పట్టి, కాళ్లు సర్ది, దిండ్లు మార్చి, పావుగంట పని. లేస్తే వాక్యం పోతుంది. ఒకరోజు లేవలేదు. వాక్యం పూర్తయ్యాక చూస్తే అరగంట దాటింది. ఇంకో గంటన్నర అయితే మళ్లీ తిప్పేదే కదా అనుకున్నాను. సుద్దముక్క తీసుకుని, గోడవైపు తిరిగి పడుకున్న ఆయన మీదుగా చెయ్యి చాపి, బండ మీద గీత గీశాను.

అదీ నేను చేసింది. ఇంత చిన్నగా ఉంటుంది చెబితే. మొదటిసారి వాకిలి వైపు చూసి గీశాను, రెండోసారి చూడలేదు. నాలుగోసారికి చెయ్యి దానంతటదే వెళ్లింది. రోజూ కాదు, కానీ వ్యాసం గడువు దగ్గరపడిన వారంలో పగలంతా ఒక్కసారి తిప్పి నాలుగు గీతలు గీసిన రోజులున్నాయి. తిప్పమని ఆయన ఒక్కనాడూ అడగలేదు. నొప్పి లేనివాడు ఎందుకడుగుతాడు అనుకున్నాను. దేహం బట్ట మాత్రమేనని రాస్తున్నదాన్ని, ఆ బట్టను ఎవరు చూస్తారు.

ఆ చలికాలం చివర్లోనే చిన్నాయన గొంగడి అడిగాడు. "కప్పకుండ్రి, గుచ్చేది తెల్వదు కదా. కింద పరువుండ్రి. ఉన్ని వాసనొస్తే నాకు నేనున్నట్టుంటది" అన్నాడు. చిన్నమ్మ సంబరంగా పరిచింది. మా ఇళ్లల్లో మంచంపట్టిన మనిషి కింద గొంగడి పరచకపోవడమే తప్పు. ఆ ముతక ఉన్ని, ఆ ముడులు నాకు రెండు నిమిషాలు తగిలితే గోక్కునేదాన్ని. ఆయన వంటి కింద గంటలు గంటలు ఉంది. ఎక్కడ ఒరుసుకుంటోందో చెప్పేవాళ్లు లేరు. వ్యాసంలో మాత్రం నేను ఆయన అన్న వాసన మాటను కొట్టేశాను. గాల్లో మనిషికి వాసన ఉండకూడదు కదా. లెక్క చెడిపోతుంది.

వికారాబాద్‌లో బహుమతి నాకే వచ్చింది. చిన్నమ్మ ఆ రోజు మిల్లు మానుకుని మంచం దగ్గర ఉంది, నన్ను వేదిక మీదికి పిలిచి చదివించారు. చప్పట్లు కొట్టారు. ఒక మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వు తత్వశాస్త్రమే చదవాలి అంది. సాయంత్రపు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, బహుమతిగా ఇచ్చిన పెన్నును మూత తీసి పెట్టి, తీసి పెట్టి, తాండూరు దాకా వచ్చాను. ఇంటి ముందు హకీం సాబ్ చెప్పులున్నాయి. ఆ రోజు శుక్రవారం కాదు.

లోపల ముందు వాసన తగిలింది. ఆ వాసన గురించి రాయను. తుంటి మీద, గోడవైపు పడుకున్నప్పుడు కింద ఒత్తుకునే ఎముక మీద, పైకి రూపాయంత నల్లటి మచ్చ. అది పగిలితే లోపల పిడికిలి పట్టేంత గుంట. ముందురోజు తుడిచేటప్పుడు చిన్నమ్మకు కొంచెం ఎర్రగా కనబడిందట, ఒరుసుకుపోయిందనుకుందట. హకీం సాబ్ వేడినీళ్లతో శుభ్రం చేస్తూ ఒకసారి తలెత్తి గోడ వైపు చూశారు. అంతకుముందు రాత్రి చిన్నమ్మ తుడవడం మరిచిపోయిన నా గీతలు ఇంకా ఉన్నాయి. "ఇన్ని గీతలుంటే ఇట్ల కావద్దే" అని తనలో తాననుకున్నట్టు అన్నారు. నా చేతిలో పెన్ను ఉంది. దాని మూత బిగించాను. చిన్నమ్మ అప్పుడు చటుక్కున గొంగడిని లాగి వాకిట్లోకి విసిరేసింది. "గిదే సాబ్, గీ గొంగడే పాడుజేసింది. నాదే తప్పు, నేనే పరిచిన" అని తల బాదుకుంది. నేను ఆ మాట పట్టుకుని బతికిపోయాను. గొంగడిదే తప్పు. చిన్నమ్మదే తప్పు.

చిన్నాయన ఇంకో అయిదు వారాలున్నాడు. పుండు నుంచి రక్తానికి విషమెక్కింది. జ్వరం, చలి. తాండూరు డాక్టరు సూదులు వేసినా దిగలేదు. ఆ అయిదు వారాలు నేను ఒక్క తిప్పుడూ తప్పనివ్వలేదు. అది చెప్పుకోవడం కూడా సిగ్గుగానే ఉంది. చివరి రోజుల్లో ఒకసారి నన్ను పిలిచి, "నీ కాయితంల నేను మంచిగొచ్చిన్నా బిడ్డా?" అని అడిగాడు. మంచిగొచ్చినవు చిన్నాయనా అన్నాను. "గొంగడి వాసన గురించి రాసినవా?" రాశానన్నాను. అబద్ధం. ఆయనతో నేనాడిన ఆఖరి మాట అదే.

ఆ తర్వాత అదే వికారాబాద్‌లో చదివాను, అక్కడే పాఠం చెప్పాను. గాల్లో మనిషి పాఠం ప్రతి ఏడూ వచ్చేది. కళ్లకు పరదా, వేళ్ల మధ్య దూరం, గాలి తగలకపోవడం, నిన్న లేకపోవడం, ఒక్కొక్క షరతు ఎందుకు పెట్టాడో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేదాన్ని. గొంగడి ముసుగు అభ్యంతరం కూడా చెప్పేదాన్ని. పిల్లలకు అది బాగా నచ్చేది. ఎవరన్నారు మేడమ్ అని అడిగితే, ఒక గొర్రెలకాపరి అని చెప్పి పుస్తకం మూసేదాన్ని. దేహం నశించినా ఆత్మ నశించదన్నది ఆ పాత హకీము నమ్మకం. అది నిజమో కాదో ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా నాకు తెలియదు. నిజమైతే చిన్నాయన ఎక్కడో పూరా ఉన్నాడు, నేను చేసింది ఆయనకు తెలుసు. నిజం కాకపోతే, ఉన్న ఒక్క చిన్నాయననూ నేనే పోగొట్టాను. ఏ పక్కకు తిరిగినా నాకు నిద్రపట్టే లెక్క కాదది.

ఇప్పుడు అన్నీ ఉన్నాయి. గాలి పరుపు, అలారం, మెత్తటి జెల్ దిండ్లు, వారానికి రెండుసార్లు వచ్చి వీపు చూసిపోయే నర్సు. ఆ అమ్మాయి "ఎంత బాగా చూసుకుంటున్నారు మేడమ్, ఒక్క ఎర్రమచ్చ లేదు" అన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. మెచ్చుకోలు నాకు చెందదు. ఇదంతా నలభై ఏళ్లు ఆలస్యంగా, వేరే మనిషికి ఇస్తున్నాను.

మొన్నటి మాట తర్వాత రెండు రోజులు మథనపడి, ఇవాళ మధ్యాహ్నం చిన్నమ్మకు జావ తాగించి, మూతి తుడిచి, చెప్పేశాను. ఆమె గోడవైపు తిరిగి ఉంది. ముఖం చూస్తూ చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. "చిన్నమ్మా, గొంగడి తప్పు కాదు. నేను తిప్పలే. తిప్పకుండనే గీతలు గీసిన" అన్నాను.

"నాకు తెల్సు" అంది.

"ఎట్ల?"

"ఎట్లేందే. ఆయన జెప్పిండు. పుండు వడ్డంక అడిగిన. పిల్ల నిన్ను తిప్పిందా లేదా అని. మొగం గోడ దిక్కుంటుండె కదా. నీ చెయ్యి వచ్చి గీత గీసుడు, పోవుడు, అన్నీ సూసిండు. కండ్లయితే పనిజేస్తున్నయి కదనే ఆయనకు."

కళ్లు! కళ్లకు పరదా అని వందలసార్లు పాఠం చెప్పాను. ఆ షరతు లేకపోతే లెక్క నిలవదని బోర్డు మీద రెండు గీతలు కొట్టి మరీ చెప్పాను. మా చిన్నాయన కళ్లకు పరదా లేదని మాత్రం నాకు ఒక్కసారీ తట్టలేదు. ఆయన కళ్లకు జానెడు దూరంలో, నా చెయ్యి, సుద్దముక్క, అబద్ధపు గీత. ఒకటి కాదు, ఎన్నో.

"మరి నన్నెందుకు అడుగలే? నీకెందుకు ముందే చెప్పలే?"

"నేనూ గట్లనే కొట్లాడిన. సచ్చిపోతున్నవ్, ఎందుకు నోరు మూస్కున్నవ్ అని. ఏమన్నడో ఎర్కేనా? అందరు నన్ను బండ తిప్పినట్టు తిప్పి పోతున్నరు, గదొక్కతే కూసొని నన్ను అడుగుతుంది. అడుగుతుంటే, ఆగి నన్ను తిప్పు అని ఎట్లనాలె అన్నడు. పిల్లకు జెప్పకు, దాని సదువు పాడైతది అన్నడు." చిన్నమ్మ ఊపిరి తీసుకుంది. "గందుకే గొంగడి మీద వెట్టిన."

"అంటే హకీం సాబ్ ముంగట తల బాదుకున్ననాడు..."

"ఆనాడు నాకు తెల్వది. గొంగడే అనుకున్న. తర్వాత తెల్సినంక కూడ గదే అనుకుంట వచ్చిన. అలవాటైంది." దిండు మీద తల కొంచెం సర్దుకుని, "నా మీదున్నా ఏం గాలే. నేను మోస్తి. నువ్వు మోయకపోతుంటివి" అంది. మందలింపు లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

నేను ఏదో అనబోయాను. క్షమించమనో, ఏమో. మంచం పట్టె పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. ఇంతలో ఫోను మోగింది. రెండు గంటలు అయ్యాయి. నేను లేవలేదు. కళ్ల నిండా నీళ్లు, ఆమె చెప్పిన మాట ఇంకా చెవుల్లోనే ఉంది. అలారం మోగుతూనే ఉంది.

"ఏడ్సుడు తర్వాత" అంది చిన్నమ్మ గోడను చూస్తూ. "ముందుగాల తిప్పు."

ముందు తిప్పాను. భుజం పట్టి, నడుం కింద చెయ్యి వేసి, మోకాళ్ల మధ్య దిండు మార్చి, దుప్పటి మడతలు సాఫు చేసి, ఆమె ముఖం నా వైపుకు వచ్చాక, అప్పుడు ఏడ్చాను.